తీయలేనిది కూడా రాసే లేబుల్

జపాన్‌లో కుళాయి నీటిని వడకట్టే జగ్గు కొంటే దాని పెట్టె మీద చిన్న అక్షరాల పట్టిక ఒకటి ఉంటుంది. గృహోపకరణాల నాణ్యత వివరాలు కొనేవారికి తెలియాలని అక్కడ 1962లో ఒక చట్టం చేశారు. వాటర్ ప్యూరిఫయర్లు కూడా దాని కిందికే వస్తాయి. ఫిల్టర్‌లో ఏ పదార్థం వాడారు, నిమిషానికి ఎంత నీరు దిగుతుంది, ఎన్ని లీటర్ల దాకా పని చేస్తుంది, కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చాలి, వాడకంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవి ఆ పట్టికలో చెప్పాలి. వీటితో పాటు ఈ ఫిల్టర్ ఏమేం తీయలేదో చెప్పే వరుస కూడా సాధారణంగా కనిపిస్తుంది. నీటిలో కరిగిన ఉప్పు, కాఠిన్యం, కొన్ని లోహాలు ఇందులో పోవని తయారీదారే రాస్తాడు. ప్యూరిఫయర్‌ను వర్ణించే పద్ధతిలో మనం అక్కడి నుంచి నేర్చుకోవలసింది ఇదే.

ముందుగా కార్ట్రిడ్జ్ ఆయుష్షు సంగతి చూద్దాం. జపాన్ ప్రమాణం ప్రకారం ఫిల్టర్‌ను ఒక్కో పదార్థానికి విడివిడిగా పరీక్షిస్తారు. క్లోరిన్, క్లోరిన్ కలపడం వల్ల నీటిలో పుట్టే ట్రైహాలోమీథేన్లు, పాత పైపుల నుంచి వచ్చే సీసం, మట్టివాసన తెచ్చే పదార్థం, ఇలా జాబితా సాగుతుంది. ఆ పదార్థాన్ని పట్టుకునే శక్తి 80 శాతానికి పడిపోయేలోపు ఎన్ని లీటర్లు దిగాయో అదే లేబుల్ మీది అంకె. మడ్డి విషయంలో మాత్రం నీటి ధార సగానికి తగ్గేదాకా లెక్కిస్తారు. అందుకే ఒకే కార్ట్రిడ్జ్‌కు క్లోరిన్ ఎదురుగా ఒక అంకె, సీసం ఎదురుగా ఇంకో అంకె ఉండవచ్చు. "200 లీటర్లు" అని ఉంటే 201వ లీటరు విషమవుతుందని కాదు, 200వ లీటరు దాకా ఆ పదార్థం మొత్తం పోయిందనీ కాదు. ఆ గడువు చివర కూడా అయిదింట ఒక వంతు మిగిలిపోతూ ఉండవచ్చు.

ఆ పక్కనే నెలల లెక్క ఉంటుంది. దాన్ని చదివేటప్పుడే మన ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. 200 లీటర్ల కార్ట్రిడ్జ్ మీద "రెండు నెలలు" అని ఉందనుకుందాం. అది రోజుకు మూడున్నర లీటర్లు వాడే ఇంటికి వేసిన లెక్క. 200ను 3.5తో భాగిస్తే 57 రోజులు వస్తుంది. తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 12 లీటర్లు వడకట్టే మన ఇంట్లో అదే కార్ట్రిడ్జ్ 17 రోజులకే గడువు చేరుతుంది. అందులో పోసే నీరు పరీక్షలో వాడిన నీటికంటే మురికిగా ఉంటే ఇంకా ముందే పూడుకుపోతుంది. కాబట్టి లీటర్ల అంకెను మన రోజువారీ వాడకంతో భాగించుకుని వచ్చిన తేదీని కార్ట్రిడ్జ్ మీదే రాసుకోవాలి. నీళ్లు తక్కువ వాడే ఇంట్లో లీటర్లు మిగిలి ఉన్నా నెలల గడువు దాటితే మార్చాల్సిందే, ఎందుకంటే కార్ట్రిడ్జ్ లోపల తడిగా ఉండే బొగ్గులో సూక్ష్మజీవులు చేరతాయి.

ట్యాంకు విషయంలో కూడా జగ్గుల మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి మొత్తం పరిమాణం, రెండోది వడకట్టిన నీరు పట్టే పరిమాణం. మొత్తం రెండు లీటర్లు పట్టే జగ్గులో తాగడానికి సిద్ధంగా ఉండేది ఒక లీటరుకు కొద్దిగా పైన. మిగతా చోటు పైఅర, కార్ట్రిడ్జ్ తీసుకుంటాయి. మన దగ్గర పైన పోస్తే కింద దిగే ప్యూరిఫయర్లకూ ఇదే వర్తిస్తుంది. పెట్టె మీద "20 లీటర్లు" అని ఉంటే అది రెండు అరలు కలిపి చెప్పినదా, కింది అర ఒక్కటే చెప్పినదా అని అడగాలి. నలుగురున్న ఇంట్లో సాయంత్రం నీళ్లు చాలుతాయా లేదా అన్నది కింది అరను బట్టే తేలుతుంది.

కింది అరకు ఇంకో పరిమితి ఉంది. జపాన్ చట్టం ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.1 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో సూక్ష్మజీవులు చేరకుండా కాపాడేది అదే. కార్ట్రిడ్జ్‌లోని బొగ్గు మొదట తీసేది ఆ క్లోరిన్‌నే. అంటే వడకట్టిన నీటికి కాపలా ఉండదు. అందుకే అక్కడి లేబుళ్లు ఆ నీటిని త్వరగా వాడమంటాయి, కొన్నాళ్లు వాడకపోతే మొదట దిగిన నీళ్లు పారబోయమంటాయి. పెద్ద ట్యాంకు ఉంటే మంచిదని కొని మూడు రోజుల నీళ్లు నిల్వ ఉంచేవారికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

అన్నిటికంటే ముఖ్యమైనది తీయలేని వాటి వరుస. అయితే దాన్ని ఉన్నదున్నట్టు మన ఊరికి తెచ్చుకోలేం. జపాన్ ఫిల్టర్ తాగడానికి ఇప్పటికే పనికొచ్చే కుళాయి నీటికోసం చేసినది. అక్కడ అది తీయకుండా వదిలేసే ఉప్పు వల్ల పెద్ద నష్టం లేదు. నల్లగొండ జిల్లాలోనో ప్రకాశం జిల్లాలోనో బోరు నీళ్లు పోస్తే పరిస్థితి వేరు. భారత ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. మామూలు బొగ్గు కార్ట్రిడ్జ్ ఆ ఫ్లోరైడ్‌ను దాదాపు అలాగే వదిలేస్తుంది, పొలాల ఎరువుల నుంచి చేరే నైట్రేట్‌నూ వదిలేస్తుంది. యూవీ దీపం సూక్ష్మజీవులను నిర్వీర్యం చేస్తుందే గాని కరిగిన వేటినీ ముట్టుకోదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. ఆర్వో పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది, కాని పొర అరిగితే ఆ రక్షణా తగ్గుతుంది.

ఏది పోయింది, ఏది మిగిలింది అన్న ప్రశ్నకు అమ్మేవారు నీళ్లలో ముంచి చూపించే టీడీఎస్ మీటర్ జవాబు చెప్పదు. కరిగిన లవణాలన్నీ కలిపి సుమారుగా ఎంతో మాత్రమే అది చెబుతుంది. టీడీఎస్ 400 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉన్నా మీటర్‌కు తేడా తెలియదు. సూక్ష్మజీవులు దానికి కనిపించనే కనిపించవు. బొగ్గు ఫిల్టర్ చక్కగా పని చేస్తున్నా టీడీఎస్ తగ్గదు కాబట్టి ఆ అంకె చూసి ఫిల్టర్ పాడైందనుకోవడమూ తప్పే. మున్సిపల్ నీళ్లకు బొగ్గు ఫిల్టర్ వాడేవారు క్లోరిన్ పరీక్ష మాత్రలతో చూసుకోవచ్చు. వడకట్టిన నీటిలో మాత్ర వేయగానే గులాబీ రంగు తేలితే బొగ్గు పని అయిపోయినట్టే. రంగు రాకపోతే క్లోరిన్ పోతోందని మాత్రమే తెలుస్తుంది, సీసం కూడా పోతోందని కాదు.

కాబట్టి మన దగ్గర ప్యూరిఫయర్ వివరాలు మొదలవ్వాల్సింది అందులో పోసే నీటి నుంచి. ఇది మున్సిపల్ నీటికా, బోరు నీటికా? ఏ పదార్థాన్ని ఎన్ని లీటర్ల దాకా ఎంత శాతం తీస్తుంది? వడకట్టిన నీరు ఎన్ని లీటర్లు నిల్వ ఉంటుంది? ఏది తీయలేదు? ఇంటి నీటిని ఒకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఈ ప్రశ్నలకు జవాబు అడిగి బిల్లు మీద రాయించుకోండి. తీయలేనిది ఏమిటో రాసి ఇవ్వడానికి ఇష్టపడని ప్యూరిఫయర్‌ను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దు.