16/9 ఎక్కడ తప్పింది?

పోయిన సెమిస్టర్ ఫిజిక్స్ మిడ్‌లో ఒక ప్రశ్నకి నేను రాసిన జవాబు: ఎలక్ట్రాన్ మెట్టు దాటే ప్రాబబిలిటీ 16/9. ఒకటి కన్నా ఎక్కువ! పక్కన ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్నార్థకం, కింద సున్నా. తప్పు నాదే, కాదనను. కానీ మనం ఈ పాఠం చదివే వరస కూడా ఆ తప్పుకి కారణమని నా వాదన. R, T సూత్రాలు బట్టీ పడతాం. కంటిన్యూటీ ఈక్వేషన్‌ని ఇంకో ప్రశ్నగా విడిగా చదువుతాం. మొదటిది రెండోదాంట్లోంచే వచ్చిందన్న సంగతి పరీక్ష అయ్యాక తెలుస్తుంది.

లెక్క చూడండి. 4 eV ఎలక్ట్రాన్ ఎడమ నుంచి వస్తోంది. x = 0 దగ్గర పొటెన్షియల్ ఒక్కసారిగా 0 నుంచి 3 eVకి లేస్తుంది. కైనెటిక్ ఎనర్జీ 4 నుంచి 1కి పడింది కాబట్టి వేవ్ నంబర్ సగమైంది: k₂ = k₁/2. వచ్చే తరంగం యాంప్లిట్యూడ్ 1, తిరిగొచ్చేది B, దాటేది C అనుకుందాం. మెట్టు దగ్గర ψ, దాని వాలు రెండూ అతకాలి కదా:

1 + B = C
1 − B = C/2

B = 1/3, C = 4/3. వర్గం చేస్తే 1/9, 16/9. కూడితే 17/9. నేను బోల్తా పడింది ఇక్కడే.

|ψ|² చెప్పేది అక్కడ ఎంత ఉందో మాత్రమే, ఎంత వెళ్తోందో కాదు. రోడ్డు మీద బళ్ళ వేగం సగమైతే అవి దగ్గర దగ్గరగా చేరతాయి, అంతమాత్రాన నిమిషానికి దాటే బళ్ళు పెరగవు. వెళ్ళేదాన్ని కొలిచేది ప్రాబబిలిటీ కరెంట్:

j = (ħ/m) Im(ψ* dψ/dx)

ఒక్క ప్లేన్ వేవ్‌కి ఇది (ħk/m)|A|², అంటే వేగం ఇంటూ సాంద్రత. ఇక కంటిన్యూటీ ఈక్వేషన్:

∂ρ/∂t + ∂j/∂x = 0

మనది స్టేషనరీ స్టేట్, ρ కాలంతో మారదు. కాబట్టి j అన్ని చోట్లా ఒకటే ఉండి తీరాలి. ħk₁/m లెక్కన చూస్తే ఎడమవైపు 1 − 1/9 = 8/9. కుడివైపు ½ × 16/9 = 8/9. సరిపోయింది! R = 1/9, T = 8/9.

నాకు బాగా నచ్చింది ఎడమవైపు సంగతి. అక్కడ రెండు తరంగాలు కలిసి సాంద్రత 16/9కీ 4/9కీ మధ్య ఊగుతుంటుంది, కరెంట్ మాత్రం కదలదు. ఆ ఊగిసలాట తెచ్చే క్రాస్ టర్ములు Im తీసుకోగానే ఎగిరిపోతాయి.

అదే ఎలక్ట్రాన్‌కి 2 eV మాత్రమే ఉంటే? మెట్టు లోపల ψ తగ్గుతూ పోయే ఎక్స్‌పొనెన్షియల్. సాంద్రత సున్నా కాదు, కానీ j సున్నా. లోపల కనిపించినంత మాత్రాన దాటినట్టు కాదు, మొత్తం వెనక్కే వస్తుంది. |C|²ని T అనుకునేవాళ్ళకి ఈ కేసు అస్సలు అర్థం కాదు, నాకూ కాలేదు.

అందుకే నా మాట: j ముందు చెప్పాలి, R, T తర్వాత. పేపర్ మీద కూడా ముందు రెండు వైపులా j రాసుకోండి. అవి కలవకపోతే సూత్రం వెతక్కండి, x = 0 దగ్గర వాలు అతికించారో లేదో చూసుకోండి.