పాత ఆటకి కొత్త సున్నం

మొన్న కనిగిరి నుంచి మా బాబాయి కొడుకు ఫోన్. "అన్నా, వైస్ సిటీ కొత్తది కొనమంటావా?" అని. వాడూ నేనూ నెట్ సెంటర్లో గంటలు గంటలు ఆడిన ఆట కదా, వాడికి ఆత్రం ఉండటంలో తప్పులేదు. చెప్పాల్సింది ఫోన్లో సగమే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. రీమేక్ అంటే ఆటని మొదట్నుంచీ మళ్ళీ కట్టడం. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2ని 2019లో అలాగే కట్టారు. రీమాస్టర్ అంటే పాత ఇంటికి సున్నం కొట్టడం, గోడలు అవే. కంపెనీలకి రెండూ ఎందుకు ముద్దంటే కథ సిద్ధంగా ఉంది, కొనేవాళ్ళం మనమూ సిద్ధంగా ఉన్నాం. పైగా 2002 నాటి ఆట ఇప్పటి కన్సోల్లో నేరుగా నడవదు. మన భాషలో చెప్పాలంటే లెగసీ మైగ్రేషన్ ప్రాజెక్టు!

2021 నవంబర్లో జీటీఏ త్రీ, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడూ కలిపి 'డెఫినిటివ్ ఎడిషన్' అని 60 డాలర్లకి వదిలారు. చేసింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్. మొబైల్ పోర్టుల ఆధారంగా, అన్‌రియల్ ఇంజిన్ 4 మీదకి మార్చారు. వాన తెల్లగీతల్లా పడి రోడ్డు కనపడలేదు. డోనట్ల షాపు బోర్డు మీద ఆరు మూలల నట్టుని నునుపు చేసి గుండ్రంగా మార్చేశారు, దాంతో పేరులోని జోకే పోయింది.

నాకు బాగా గుచ్చుకున్నది పొగమంచు సంగతి. శాన్ ఆండ్రియాస్‌లో దూరాన ఉండే మసక ప్లేస్టేషన్ 2 శక్తి చాలక పెట్టింది. కానీ ఆ మసక వల్లే ఊళ్ళు దూరదూరంగా, రాష్ట్రం పెద్దదిగా అనిపించేది. దాన్ని తీసేసరికి కొండ మీద నుంచి చూస్తే అన్నీ పక్కపక్కనే! బగ్ అనుకుని ఫీచర్ పీకేస్తే ఏమౌతుందో మనకి తెలియంది కాదుగా. చివరికి 2024 నవంబర్లో 'క్లాసిక్ లైటింగ్' అని పాత ఆకాశం తెచ్చే అప్‌డేట్ ఇచ్చారు. అంటే మొదటి రోజు కొన్నవాడు మూడేళ్ళు ఆగాడన్నమాట.

అందుకని నా మటుకు నేను మూడు చూస్తాను. ఏ వెర్షన్ నుంచి చేశారు, అసలుదా, పోర్టుదా? ఏమి తీసేశారు? (ఇందులో లైసెన్సు లేక రేడియో పాటలు కొన్ని పోయాయి. వైస్ సిటీలో పాటలు పోతే ఇంకేముంది...) మూడోది, కంపెనీ ట్రైలర్ కాకుండా, విడుదలయ్యాక మామూలు జనం పెట్టిన వీడియోల్లో వాన, రాత్రి, రద్దీ ఎలా ఉన్నాయి? అప్పటికీ అనుమానమైతే స్టీమ్‌లో కొని చూడొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు.

మా వాడికి ఏం చెప్పానంటారా? "ఇప్పుడైతే పర్లేదు, కానీ డిస్కౌంట్ పెట్టినప్పుడు కొనరా" అన్నాను. మీరైతే ఏం చెప్పేవాళ్ళు?