'రెస్పెక్టెడ్ సర్' తర్వాత ఏం రాయాలి?

మొదటి ఉద్యోగానికి మెయిల్ రాస్తూ ప్రతి వాక్యాన్నీ రాసి చెరిపే పిల్లల్ని చూస్తే ఇంట్లోవాళ్లు 'ధైర్యం చేసి పంపెయ్యవే' అంటారు. నేనలా అనను. ఆ వాక్యాల్లో చాలావరకు చెరిపేయాల్సినవే. ఏది చెరపాలో ఏది ఉంచాలో చెప్పేవాళ్లు లేకపోవడమే చిక్కు. ఈ వారం ఆ చిక్కునే కథగా చెబుతాను. కల్పిత కథే, కానీ ఇందులో ఉన్న వాక్యాలు మీ ఇంటి ఫోన్లలోనూ దొరుకుతాయి.

విశాఖ జాలరిపేటలో ఒక అమ్మాయి. బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తయింది. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు కాబట్టి తండ్రి ఇంటిపట్టునే ఉండి వలలు బాగుచేసుకుంటున్నాడు. తల్లి ఎండుచేపలు అమ్ముతోంది. సీఫుడ్ ఎగుమతుల్లో దేశంలోనే ముందువరసలో ఉన్న రేవు ఇది. చుట్టుపక్కల రొయ్యలూ చేపలూ శుభ్రం చేసి గడ్డకట్టించి పంపే ప్లాంట్లున్నాయి. అలాంటి ఒక ప్లాంటు ల్యాబులో ట్రైనీ కావాలన్న ప్రకటన స్నేహితురాలి వాట్సాప్‌లో వచ్చింది. అందరూ పడుకున్నాక ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని కూర్చుంది.

'రెస్పెక్టెడ్ సర్' అని కొట్టింది. చదివేది మేడమ్ అయితే? ప్రకటనలో మెయిల్ అడ్రసు తప్ప మనిషి పేరు లేదు. 'సర్/మేడమ్' అని మార్చింది. ఇది మంచి సందేహం, క్షణంలో తీరిపోయింది.

తర్వాతి వాక్యం స్నేహితురాలి పాత మెయిల్ నుంచి తెచ్చుకున్నది. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలకు పదును పెట్టుకునే అవకాశం కోరుతున్నాను అని దాని భావం. ఆ ప్లాంటు ప్రతిష్ఠ ఏమిటో తనకు తెలియదు. బస్సులో పోతూ గేటు చూసింది, అంతే. చెరిపింది. 'కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను' అని రాసింది. నేను బద్ధకస్తురాలినని ఎవరు రాస్తారు? అదీ చెరిపింది. అరువు తెచ్చుకున్న పేరాలో కింద మరొకటి దొరికింది. ఒక మందుల కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. స్నేహితురాలు దరఖాస్తు పెట్టింది ఆ కంపెనీకి. ఇలా మరో సంస్థ పేరుతో వచ్చిన మెయిల్‌ని ఎవరైనా పూర్తిగా చదువుతారనుకోను.

"ఏటే, ఇంకా పడుకోలేదేటి? ఆ లైటు ఆర్పు, మీ నాన్నకి నిద్దర పట్టదు" అంది తల్లి పక్క మీంచి.

"అయిపోనాదమ్మా, ఇంకొక్క ముక్కే."

అయిపోలేదు, మెయిల్లో 'సర్/మేడమ్' ఒక్కటే మిగిలింది. ఏం చెయ్యాలో తోచక మళ్లీ ప్రకటన తెరిచింది. అందులో పని మూడు ముక్కల్లో ఉంది. సరుకు దిగే చోట శాంపిళ్లు తీయడం, సూక్ష్మజీవుల పరీక్షలు చేయడం, రికార్డులు రాయడం. అంతవరకూ తన గురించి ఏం రాయాలా అని కొట్టుకుంది. ఇప్పుడు వాళ్లు అడిగినదానికి జవాబు రాయడం మొదలుపెట్టింది. ఈ కథలో నాకు ముఖ్యమైన చోటు ఇదే. ప్రకటన ప్రశ్నపత్రం లాంటిది. మన పిల్లలు దాన్ని పక్కనపెట్టి బట్టీపట్టిన జవాబు రాసి వస్తుంటారు.

పరీక్షల గురించి రాయాలి. ప్లేట్ కౌంట్ కాలేజీ ల్యాబులో తన చేత్తో చేసింది. శాంపిల్‌ని పలచన చేసుకుంటూ పోయి, పెట్రీ ప్లేట్లలో పోసి, మర్నాడో ఆ తర్వాతో కాలనీలు లెక్కపెట్టింది. అది నిక్షేపంగా రాయొచ్చు. దాని పక్కనే 'సాల్మొనెల్లా పరీక్ష కూడా వచ్చు' అని చేర్చింది. చేర్చాక అనుమానం వచ్చింది. ఎక్స్‌ఎల్‌డీ అగార్ మీద సాల్మొనెల్లా కాలనీ ఎలా కనబడుతుందని ఇంటర్వ్యూలో అడిగితే? ఎర్రటి కాలనీ, నడిమధ్య నల్లటి చుక్క. పుస్తకంలో చదివింది, కంటితో చూడలేదు. 'వచ్చు' తీసేసి 'పద్ధతి చదివాను, చేసే అవకాశం రాలేదు' అని మార్చింది. మెయిల్ కొంచెం బక్కచిక్కిన మాట నిజమే. కానీ ల్యాబు నడిపేవాడికి వచ్చినదీ రానిదీ విడదీసి చెప్పే ట్రైనీ కావాలి. చేయని పరీక్షకి అంకె వేసే మనిషి రికార్డు పుస్తకం దగ్గర ఉంటే ఆ ప్లాంటు సరుకు ఏదో ఒకరోజు విదేశీ రేవులో ఆగిపోతుంది.

మిగిలింది సరుకు దిగే చోటు. ఇక్కడ వచ్చిన సందేహం వేరే రకం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట దగ్గర తల్లి వెనక నిలబడి పెరిగిన పిల్ల. కానాగంతలు కొనేటప్పుడు తల్లి మొప్పలు ఎత్తి చూసేది. కంటిగుడ్డు లోపలికి పోయిందా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తోందా చూసేది. పడవలో ఐసు చాలలేదని తెలిస్తే ఎంత చవకైనా ముట్టుకునేది కాదు. 'దురద పుట్టిస్తాది' అనేది. ఆ దురదకి కారణం కాలేజీకి వెళ్లాక తెలిసింది. కానాగంత, సూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. పట్టిన చేప వేడిలో ఉండిపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి చేరాక వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. అందుకే కొనే దేశాలు దానికి హద్దు పెట్టి పరీక్ష అడుగుతాయి.

ఇది రాయాలా? చేపలమ్మే ఇంటి పిల్లనని తెలిస్తే నవ్వుతారేమో. రాసింది, తీసింది, మళ్లీ రాసింది. అప్పటిదాకా వచ్చిన సందేహాలన్నీ వాక్యాల మీదే. ఇది తన ఇంటి మీద వచ్చిన సందేహం. ఇలాంటిదాన్ని లెక్కచేయనక్కర్లేదని నా అభిప్రాయం.

అయితే ఇక్కడా గొప్పలకు పోకూడదు. హిస్టమిన్ కంటికి కనబడదు. చూపుకి నిగనిగలాడే చేపలోనూ ఉండొచ్చు. 'చూసి చెప్పగలను' అని రాస్తే ఆ ల్యాబు ఎందుకున్నట్టు? ఆ అమ్మాయి చివరికి రాసింది ఇది: "ఐసు చాలని కానాగంతల్లో హిస్టమిన్ ఎందుకు పెరుగుతుందో చదివాను. హార్బర్‌లో మా అమ్మ అలాంటి చేపల్ని ఎలా వేరుచేస్తుందో చిన్నప్పటి నుంచీ చూశాను. ల్యాబులో కొలవడం నేర్చుకోవాలనుకుంటున్నాను." రాసింది ఇంగ్లీషులోనే, చిన్న చిన్న వాక్యాల్లో. వ్యాకరణం తప్పులకు తావు తక్కువ.

మిగతావి గబగబా అయిపోయాయి. సబ్జెక్టులో ఉద్యోగం పేరూ తన పేరూ పెట్టింది. resume_final_2.pdf అన్న ఫైలుకి తన పేరు పెట్టి జత చేసింది. రెజ్యూమెలో ఫోన్ నంబరు పాతది ఉంటే మార్చింది. మెయిల్ అడ్రసు ఆఖర్న నింపింది, వేలు తగిలి సగంలో వెళ్లిపోకుండా. జీమెయిల్లో పంపాక వెనక్కి తీసుకునే గడువు ఎంత పెంచుకున్నా 30 సెకన్లే. నొక్కింది. అర్ధరాత్రి పంపితే ఏమనుకుంటారోనని మరో సందేహం వచ్చింది గానీ, పంపిన వేళని పట్టించుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఉద్యోగ ప్రకటనలు ఇచ్చే యాజమాన్యాలకు ఒక విన్నపం. 'రెజ్యూమె మెయిల్ చేయండి' అని వదిలేయకండి. పనేమిటి, ఏ పరీక్షలు వచ్చి ఉండాలి, ఎవరి పేరిట రాయాలి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్నవి కూడా రాయండి. మెయిల్ అందిందని ఒక ముక్క తిరిగి పంపండి. దానికి మీకయ్యే ఖర్చేమీ లేదు.