ఒక్కసారే వినేవారి కోసం



చదివేవారికి ఒక వాక్యం అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటారు. వినేవారికి ఆ వీలు లేదు. మాట చెవిన పడిన క్షణంలోనే అర్థం కావాలి. ఈ సంగతి తెలిసి కూడా ఒక ఆదివారం మేము తప్పు చేశాము.

బెంగళూరులో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఒక కాలనీలో, ఆరాధన ముగిశాక ఒక ప్రకటన చదివాము. వింటున్నవారిలో చాలామంది వీధులు ఊడ్చేవారు, మురుగు కాలువలు శుభ్రం చేసేవారు. మేము చదివిన వాక్యం ఇది: “రక్షణ పరికరములు లేకుండా పారిశుద్ధ్య కార్మికులను భూగర్భ మురుగు కాలువలలోనికి దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నిషేధింపబడినందున, అట్లు దిగి మరణించిన వారి కుటుంబములకు 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి ముప్పది లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలసియున్నది.”

బయటికి వచ్చాక ఒక అక్క మమ్మల్ని ఆపింది. “అయ్యగారూ, కాలువలో దిగితే ముప్పై లక్షలు ఇస్తారా?”

దిగొద్దని చెప్పబోయి, దిగితే డబ్బు వస్తుందని చెప్పాము. తప్పు ఆమెది కాదు, మా వాక్యానిది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవన్నీ వినేవారు అంతదాకా మనసులో మోస్తూ ఉండాలి. మోయలేనప్పుడు, తెలిసిన మాటలు రెండు మూడు పట్టుకుని తామే కలిపేసుకుంటారు. “నిషేధింపబడినందున” ఆమెకు తెలియని మాట. “మరణించిన” అన్నది “కుటుంబములకు” అనే మాట ముందు నక్కి జారిపోయింది. మిగిలినవి దిగడం, ముప్పై లక్షలు.

మరుసటి వారం మా యువకులతో కూర్చుని ఆ వాక్యాన్ని కోశాము. “దిగి”, “మరణించిన”, “నిషేధింపబడినందున” లాంటి మాట ఎక్కడ వస్తే అక్కడ ఆపి, దాన్నే ఒక వాక్యం చేశాము. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ముందు పెట్టాము. తయారైంది ఇది:

“మ్యాన్‌హోల్ లోపల విషవాయువు ఉంటుంది. అది మనిషిని చంపుతుంది. సరైన రక్షణ సామాను ఇవ్వకుండా మిమ్మల్ని అందులోకి దింపకూడదు. దింపితే నేరం. చేతి తొడుగులు ఒక్కటే ఇస్తే చాలదు. అలా దిగమంటే దిగకండి. మాకు ఫోన్ చేయండి. ఎవరైనా దిగి చనిపోతే, ఆ కుటుంబానికి ముప్పై లక్షలు ఇవ్వాలి. చనిపోతేనే ముప్పై లక్షలు. ఇది సుప్రీంకోర్టు తీర్పు.”

సంవత్సరాలు తీసేశాము. చెవికి వాటితో పని లేదు. అడిగినవారికి ఇచ్చే కాగితం మీద ఉంటే చాలు. పొరపాటు పడిన అంకెను మాత్రం, అది దేనికి సంబంధించినదో ఆ మాటతో కలిపి రెండుసార్లు చెప్పాము.

మాటల ఎంపిక ఊరిని బట్టి మారుతుంది. “పారిశుద్ధ్య కార్మికులు” అని అక్కడ ఎవరూ తమను చెప్పుకోరు. వాళ్ళ నోట వచ్చేది “పౌరకార్మికులు”. “దరఖాస్తు” తెలియనివారికి “అర్జీ” తెలుసు. “పరిహారం” అంటే బెంగళూరులో నష్టానికి ఇచ్చే డబ్బు అని అర్థమవుతుంది, కన్నడంలోనూ అదే అర్థం కాబట్టి. అదే మాట చెన్నైలో అంటే, తమిళం మధ్య పెరిగిన మనవారికి ముందుగా గుర్తొచ్చేది జాతక దోషానికి చేయించే పరిహారం. అక్కడ “ఇవ్వాల్సిన డబ్బు” అనడమే మేలు.

అయితే సులువు కోసం నిజాన్ని కోయకూడదు. “మనిషిని దింపడమే నేరం” అని ఒక యువకుడు రాశాడు. వినడానికి బాగుంది. కానీ 2013 చట్టం నేరమన్నది రక్షణ సామాను, జాగ్రత్తలు లేకుండా దింపడాన్ని. రేపు కాంట్రాక్టరు ఆ చట్టమే చూపించి మన మాట తప్పంటే, మనవారు ఇక మనల్ని నమ్మరు. అందుకే ఆ షరతును వాక్యంలో ఉంచాము, అదీ ముందుగానే వినబడేలా ఉంచాము.

చెప్పింది చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? “అర్థమైందా?” అని అడిగితే అందరూ తల ఊపుతారు. ఆ మొదటి ఆదివారం కూడా ఊపారు. ఈసారి మేము అలా అడగలేదు. ఆ అక్కనే అడిగాము: “ఇంటికి వెళ్ళి అన్నకు ఈ సంగతి ఎలా చెబుతావు?”

ఆమె కాసేపు ఆలోచించి అంది: “సామాను ఇవ్వకపోతే దిగొద్దు. దిగితే చచ్చిపోతావు. అయ్యగారికి ఫోన్ చెయ్యి అంటాను.”

ముప్పై లక్షల ఊసే ఎత్తలేదు.