డీఈవో రెండుకొచ్చేసింది

తెల్లవారకముందు కొల్లేరులో చేపల చెరువు గట్టున కాపలా మనిషి ఏలూరులో ఉన్న యజమానికి ఫోన్‌లో మాటతోనే మెసేజ్ టైప్ చేయిస్తున్నాడనుకోండి: ‘డీవో రెండుకొచ్చేసింది, ఏరేటర్లు ఆన్‌చేసెయ్‌మంటారా’. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. అది లీటరుకు 2 మిల్లీగ్రాములకు దిగిందంటే శీలావతి, బొచ్చె పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. తెర మీద మాత్రం ‘డీఈవో రెండుకొచ్చేసింది’ అని పడొచ్చు. జిల్లా విద్యాశాఖాధికారి రెండు గంటలకు వచ్చారన్నమాట! ఇలా ఎందుకవుతుందంటే, మాటను రాతగా మార్చే యంత్రం ధ్వనినొక్కదాన్నే చూడదు, తాను చదివిన రాతల్లో ఏ మాట ఎక్కువుందో కూడా చూస్తుంది. వార్తల్లో డీఈవోలు బోలెడు, చెరువు గట్టు మాటలు తక్కువ. నన్ను కలవరపెట్టేది ఈ తప్పును కొలిచే పద్ధతి. నాలుగు మాటల్లో ఒకటి తప్పు కాబట్టి 25 శాతం అంటారు. అదే యంత్రం డీవోని సరిగ్గా రాసి, చివరి మాటను ‘ఆన్ చేసెయ్‌మంటారా’ అని విడగొడితే ఒక మార్పు, ఒక అదనపు మాట కలిసి 50 శాతం తప్పవుతుంది, అర్థం చెక్కుచెదరకపోయినా. అర్థంలేని అక్షరాలు పడితే యజమాని తిరిగి ఫోన్ చేస్తాడు; తప్పైనా నిండు వాక్యం పడితే చదివి పక్కన పెట్టేస్తాడు. అందుకే డీవో, ఏరేటర్, అంకెల్లాంటి మాటల్లో వచ్చే తప్పుల్ని వేరుగా లెక్కపెట్టాలంటాను. చెరువుల మాటల జాబితాను యంత్రానికి ముందే ఇవ్వాలి, రాతతోపాటు అసలు గొంతునూ పంపాలి.