'ఊ' అంటే ఒప్పుకున్నట్టు కాదు

మన ఊళ్లల్ల పెద్దవాళ్లు ఎవరైనా మాట్లాడుతుంటే మధ్య మధ్యల 'ఊ' అంటరు. అట్ల అంటే 'వింటున్న, చెప్పు' అని. కథ చెప్పేటప్పుడు ఊకొడతం కదా, అట్లాంటిదే. ఆ ఊకొట్టుడే ప్రభుత్వ కాగితం మీద 'గ్రామస్థులు అంగీకారం తెలిపారు' అని పడితే ఎట్లుంటది? మా దగ్గర అదే జరిగింది.

పోయినేడు మా మండలంల ఒక ప్రాజెక్టు మీద పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్రు. మేం ఫోన్‌ల మొత్తం రికార్డు చేసినం. కొన్ని వారాల తర్వాత సభ నివేదిక చేతికొచ్చింది. అందుల ఒక వాక్యం ఇది: 'ప్రాజెక్టు వలన రోడ్డు, ఉపాధి కలుగుతాయని మహిళలు హర్షం వ్యక్తం చేస్తూ తమకు అభ్యంతరం లేదని తెలిపారు.' అదే చోట మా రికార్డింగుల వినపడేది ఇది:

[41:12] అధికారి: రోడ్డొస్తది, ఉద్యోగాలొస్తయి. మీకేం అభ్యంతరం లేదు కదమ్మా?
[41:18] మహిళ-3: ఊ... (2 సెకన్లు మౌనం) అంటే... ఉద్యోగాలిస్తమంటున్నరు, ఇస్తే మంచిదే. మరి మా... మా వాగు, వాగు ఎటు పోతది?
[41:29] అధికారి: (ఆమె మాట మధ్యలో) సరే సరే, రాసుకున్నం.
[41:31] మహిళ-3: కాదు సారూ, వాగు— (మైకు లాగిన చప్పుడు)

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నివేదిక రాసినాయన పూర్తిగా అబద్ధం రాసిండని కూడా అనలేం. 'మంచిదే' అన్నమాట ఆమె అన్నది. కానీ 'ఇస్తే' ఎగిరిపోయింది. వాగు ఎగిరిపోయింది. అసలు ప్రశ్న అడిగిన తీరే ఎగిరిపోయింది: 'అభ్యంతరం ఉందా' అని అడగలేదు, 'లేదు కదా' అని అడిగిండు. సాపు చేసి రాసిన కాగితంల అధికారి నోరు కనపడదు, మన నోరొక్కటే కనపడతది, అదీ ఆయన భాషల.

చట్టం ఏమంటదో ఒకసారి చూడాలె. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, అనుబంధం 4 ప్రకారం సభ మొత్తాన్ని వీడియో తీయాలె, ఆ కాపీ నివేదికతో పాటు పైకి పంపాలె. సభల వచ్చిన అభిప్రాయాలు, ఆందోళనలు అన్నీ సరిగ్గా కనిపించేటట్టు కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి సారాంశం రాయాలె. దాన్ని సభ చివర్ల స్థానిక భాషల చదివి వినిపించినంకనే కలెక్టర్ గానీ ఆయన ప్రతినిధి గానీ అదే రోజు సంతకం పెట్టాలె. అంటే చట్టం అడిగేది సారాంశమే. 'సారాంశం ఎందుకు రాసిన్రు' అని కొట్లాడితే లాభం లేదు. 'ఈ సారాంశం సరిగ్గా లేదు' అని చూపించాలె. అది చూపించాలంటే పలికింది పలికినట్టు రాసిన ప్రతి కావాలె.

ఇక్కడే మనోళ్లు ఎక్కువగా తప్పు చేస్తరు. చదువుకున్న పిల్లలం కదా, అవ్వ మాట తడబడితే సరిచేస్తం. 'పోతది'ని 'పోతుంది' చేస్తం, రెండుసార్లు అన్నదాన్ని ఒక్కసారి రాస్తం. నేనూ మొదట అట్లనే రాసిన. చదువుతుంటే ఎంత బాగుండెనో! తర్వాత అర్థమైంది, వాళ్లు చేసిన పనే నేనూ చేసిన. 'మా... మా వాగు, వాగు' అని రెండుసార్లు అడిగిందంటే మొదటిసారి ఆమెను పట్టించుకోలేదన్నట్టు. ఒక్కసారే రాస్తే అది పోయింది.

గంట రికార్డింగు రాయనీకి మాకు ఆరు గంటలు పట్టింది. పది సెకన్లు వినుడు, ఆపుడు, రాసుడు. ఒకరు రాసినంక ఇంకొకరు మొదటి నుంచి వింటూ సరిచూడాలె. రాసినాయనే సరిచూస్తే తను రాసిందే వినపడతది. అర్థం కాని చోట ఊహించి నింపొద్దు. '[వినపడలేదు, 4 సెకన్లు]' అని రాయండి. అనుమానముంటే '[వాగు?]' అని ప్రశ్న గుర్తు పెట్టండి. ఖాళీ చూపిస్తే మిగతాదంతా నమ్ముతరు.

కోయల మాట్లాడింది కోయలనే తెలుగు లిపిల రాసినం. అనువాదం పక్క గడిల వేరేగా పెట్టి, అది చేసింది ఎవరో రాసినం. దుబాసీ మాటల్ని కూడా అట్లనే విడిగా రాసినం, అప్పుడే ఇంకో సంగతి బయటపడ్డది. కంపెనీ మనిషి నీళ్ల గురించి నలభై సెకన్లు చెప్తే, దుబాసీ మన భాషల చెప్పింది ఆరు సెకన్లు. పక్కన టైము రాయకుంటే మాకూ తెల్వకపోవు.

ఇంగ ఒక చేదు మాట. అదే రికార్డింగుల, ఇంకో చోట, ఒక పెద్దమ్మ లేవంగనే వెనక నుంచి 'వద్దని చెప్పు, వద్దని చెప్పు' అని ఒక గొంతు వినపడతది. ఆ గొంతు మా సంఘం పిల్లగానిదే. దాన్ని తీసేద్దామని మాల సగం మంది అన్నరు. రాత్రంతా వాదులాట. చివరికి ఉంచినం. ఎందుకంటే వీడియో వాళ్ల దగ్గర కూడా ఉంది. మనం ఒక్క లైను కోసినమని తేలితే వాగు లైను కూడా ఎవరూ నమ్మరు. ఆ పెద్దమ్మకు ఆయన చెప్పకముందే ఏం చెప్పాల్నో తెలుసు, ఆమె తర్వాత మూడు నిమిషాలు మాట్లాడింది. అది కూడా ప్రతిలనే ఉంది. చదివేవాళ్లు చూస్తరు.

పేర్ల విషయంల జాగ్రత్త. అర్జీతో పెట్టే ప్రతిల ఎవరు మాట్లాడిన్రో వాళ్ల ఒప్పుకోలుతో పేర్లు రాయండి. బయట పంచుకునే ప్రతిల 'మహిళ-3' చాలు. అసలు రికార్డింగు ఫోన్‌లనే ఉండనీయండి, ఆ ఫైలును కత్తిరించొద్దు. వాట్సాప్‌ల వీడియోగా పంపితే అది సైజు తగ్గించేస్తది, డాక్యుమెంటుగా పంపండి. మీ దగ్గర రికార్డింగు లేకుంటే సర్కారు తీసిన వీడియో కాపీని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, ముప్పై రోజుల్ల జవాబియ్యాలె.

పలికింది పలికినట్టు రాసింది మా సభదే నలభై పేజీలైంది. అంతా ఏ అధికారీ చదవడు. అందుకే ముందర రెండు పేజీలు పెట్టినం: ఎడమ పక్క నివేదిక వాక్యం, కుడి పక్క మా ప్రతి లైన్లు, టైముతో సహా. అట్లాంటివి పదకొండు చోట్ల దొరికినయి. అర్జీ ఇచ్చినం, రశీదు తీసుకున్నం. జవాబు ఇంకా రాలే.

పన్నెండోది కూడా ఉండాల్సింది. సారాంశం చదివి వినిపించినమని నివేదికల ఉంది. ఊరోళ్లేమో చదవలేదంటున్నరు. మా రికార్డింగు 2 గంటల 51 నిమిషాలకు ఆగిపోయింది. అన్నం పొట్లాలు వచ్చినయని మా పిల్లగాడు ఫోన్ ఆపి లేచిండు.