కోత కీఫ్రేమ్ దగ్గరే పడాలి

పెళ్లి వీడియోలోంచి జీలకర్ర బెల్లం ఘట్టం ఒక్కటే విడదీయడానికి దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయడం చాలాసార్లు అనవసరం. H.264 వీడియోలో కీఫ్రేమ్ మాత్రమే సొంతంగా నిలబడే పూర్తి బొమ్మ. మిగతా ఫ్రేములు చాలావరకు పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతే దాచుకుంటాయి. x264 మామూలు సెట్టింగులో రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా దూరం ఉండొచ్చు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 10 సెకన్లు. 12:00 దగ్గర ఒకటి, 12:10 దగ్గర ఇంకొకటి ఉన్నాయనుకుందాం. 12:07 దగ్గర కోస్తే, అక్కడి ఫ్రేముకు ఆధారమైన బొమ్మ కోతకు అవతలే ఉండిపోతుంది. కచ్చితంగా అక్కడే మొదలవ్వాలంటే 12:00 నుంచి డీకోడ్ చేసి, 12:07కి కొత్త కీఫ్రేమ్ తయారుచేసి, మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిందే. దానికి సమయం పడుతుంది, నాణ్యతా కొంత పోతుంది. 12:00 దగ్గరే కోస్తే ffmpegలో `-c copy` చాలు: డేటా ఉన్నదున్నట్టు కొత్త ఫైలులోకి వెళ్తుంది, పని చూస్తుండగానే అయిపోతుంది, బొమ్మలో చుక్క కూడా మారదు. క్లిప్పు మొదట్లో బొమ్మ బిగుసుకుపోయినా, ముక్కలుగా చెదిరినా కోత కీఫ్రేమ్ తప్పిందేమో చూడండి. ఒక్క ఫ్రేము కూడా తేడా రాకూడని పని కాకపోతే, ముందున్న ఆ 7 సెకన్లను ఉండనివ్వండి. అసలు నాణ్యతను మాత్రం వదులుకోకండి.